తాతల నాటి పొలం ఇంటిపెద్ద అమ్మేస్తుంటే: ఎప్పుడు అడ్డుచెప్పవచ్చు, ఎలా చెప్పాలి

తాతల నాటి పొలం బేరానికి పెట్టారని తెలిసిన రోజున ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "మా సంతకాలు లేకుండా ఎలా అమ్ముతావు?" అని పిల్లలు అంటారు. "పాసుపుస్తకం నా పేరున ఉంది, అడగడానికి మీరెవరు?" అని తండ్రి అంటాడు. కోర్టులో ఈ రెండు మాటలూ నిలవవు.

హిందూ ఉమ్మడి కుటుంబంలో వ్యవహారాలు నడిపే పెద్దను కర్త అంటారు. సాధారణంగా తండ్రి, ఆయన లేకపోతే పెద్దన్న. కుటుంబానికి నిజమైన అవసరం వచ్చినప్పుడు మిగిలినవాళ్ల వాటాలతో సహా ఆస్తి అమ్మే అధికారం కర్తకు ఉంది. వాళ్ల సంతకాలు అక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు. అవసరం లేకుండా అమ్మితే మాత్రం ఆ అమ్మకం మిగిలినవాళ్ల వాటాలను కట్టిపడేయదు. కాబట్టి తగాదా అంతా తిరిగేది సంతకం చుట్టూ కాదు, అవసరం చుట్టూ. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఈ కర్త పద్ధతి లేదు. ఇక్కడ చెప్పేదంతా హిందూ చట్టం వర్తించే కుటుంబాల సంగతి.

ముందు ఆస్తి పుట్టుక తేల్చుకోండి

చాలా దావాలు ఇక్కడే కూలిపోతాయి. "తాత దగ్గర నుంచి వచ్చింది కదా" అన్నంత మాత్రాన అది పిత్రార్జితం కాదు. తాత ఎప్పుడు పోయాడు, ఆయనకు ఆ భూమి ఎలా వచ్చింది, ఆయన నుంచి మీ నాన్నకు ఏ దారిన చేరింది అనే మూడు ప్రశ్నలకు కాగితాల్లో జవాబు దొరకాలి.

హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. తాత అంతకుముందే చనిపోయి ఆస్తి మీ నాన్నకు వచ్చి ఉంటే, అందులో మీకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. తాత ఆ తరువాత చనిపోయి, ఆ భూమి ఆయన స్వయంగా కొన్నదైతే, మీ నాన్నకు వారసత్వంగా వచ్చిన వాటా ఆయన సొంతం. ఆయన బతికుండగా మీరు అడగడానికి ఏమీ ఉండదు. 1986లోనే చందర్ సేన్ కేసులో, యుధిష్ఠిర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. తాత వీలునామా రాసో, దానంగానో ఇచ్చిన స్వార్జితం కూడా సాధారణంగా మీ నాన్న సొంతమే. అమ్మమ్మ వైపు నుంచి వచ్చింది పిత్రార్జితం కాదు.

ఇక మీ నాన్న, బాబాయిలు కలిసి ఉమ్మడి ఆస్తిని పంచుకుని భాగపరిష్కార దస్తావేజు రాసుకుంటే, మీ నాన్నకు వచ్చిన భాగం మీ వరకు పిత్రార్జితంగానే ఉంటుంది. "పంపకం అయిపోయింది కాబట్టి ఇక నా సొంతం" అని పెద్దలు అంటుంటారు. అన్నదమ్ముల మధ్య అది నిజమే, పిల్లల దగ్గరకు వచ్చేసరికి కాదు. కొంత పుట్టుకతో, కొంత వారసత్వంతో కలగలిసి వచ్చిన ఆస్తులూ ఉంటాయి. అలాంటి చోట వాటాల లెక్క న్యాయవాది చేత వేయించుకోవాలి.

కాగితాల కోసం రెండు చోట్లకు వెళ్లాలి. ఒకటి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం: ఆ సర్వే నంబరు మీద ఈసీ తీయించి, అందులో కనిపించే ప్రతి దస్తావేజుకూ సర్టిఫైడ్ కాపీ అడగండి. రెండోది తహసీల్దారు కార్యాలయం: ఆంధ్రలో పాత డైగ్లాట్, అడంగల్, 1బీ, తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి పహాణీలు. మొదట ఎవరి పేరుంది, పేరు మారినప్పుడు కారణంగా ఏం రాశారు అన్నది ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. పాసుపుస్తకంలో ఒక్కరి పేరే ఉండటం మిమ్మల్ని బెదరగొట్టనక్కర్లేదు. ఉమ్మడి భూమికి కుటుంబ పెద్ద పేరున పట్టా ఉండటం మామూలే, హక్కును తేల్చేది రెవెన్యూ రికార్డు కాదు. ఆస్తి ఉమ్మడిది అని రుజువు చేయాల్సిన భారం మాత్రం మొదట మీదేనని గుర్తుంచుకోండి.

అడ్డుచెప్పే హక్కు మీకు ఉందా?

కొడుకులకు, కొడుకుల పిల్లలకు ఉంది. కూతుళ్లకూ ఉంది, పెళ్లయి ఎన్నేళ్లయినా సరే. 2005 సెప్టెంబర్ 9న వచ్చిన సవరణ కూతురిని కొడుకుతో సమానంగా పుట్టుకతో వాటాదారును చేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలన్న వాదనను 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక్క పరిమితి ఉంది: 2004 డిసెంబర్ 20 కంటే ముందు జరిగిన అమ్మకాలను, పంపకాలను కూతురు ఈ సవరణ పేరుతో తిరగదోడలేదు. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన రాష్ట్ర సవరణ ఒకటుంది. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు అది అప్పుడే సమాన వాటా ఇచ్చింది. ఆ రోజుకు పెళ్లికాని ఆడపిల్ల, 1990ల్లో జరిగిన అమ్మకం గురించి అడిగే దారి ఇదే, గడువు మిగిలి ఉంటే.

భార్యకు పుట్టుకతో వచ్చే హక్కు లేదు. మన దక్షిణాది ఆనవాయితీలో భర్త, కొడుకులు పంచుకునేటప్పుడు ఆమెకు విడిగా వాటా కూడా రాదు, పోషణ హక్కే ఉంటుంది. కనుక "అమ్మ సంతకం పెట్టలేదు" అన్నది ఒక్కటే కారణమైతే అది దావాకు సరిపోదు. మైనర్ల విషయంలోనూ ఒక అపోహ ఉంది. మైనరు వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలన్న నిబంధన, కర్త ఉమ్మడి ఆస్తి అమ్మేటప్పుడు ఆ పిల్లల అవిభక్త వాటాకు వర్తించదని 1996లో శ్రీనారాయణ్ బల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మకం కుటుంబ అవసరానికేనా అన్న ప్రశ్న మాత్రం మైనరు తరఫున కూడా అడగవచ్చు.

దస్తావేజులో ఆ ఒక్క వాక్యం చదవండి

అమ్మకం జరిగిపోతే క్రయ దస్తావేజు నకలు తెచ్చుకుని మూడో, నాలుగో పేరా చూడండి. "మా కుటుంబ అవసరముల నిమిత్తమును, అప్పులు తీర్చుకొనుట నిమిత్తమును" అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. దస్తావేజు లేఖరి చేతికి అలవాటైన వాక్యమిది, అవసరం ఉన్నా లేకున్నా పడుతుంది. ఆ మాట రాసినంత మాత్రాన అవసరం రుజువైనట్టు కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

ఇక్కడ మీకు అనుకూలమైన సంగతి ఒకటుంది. అవసరం ఉందని రుజువు చేయాల్సింది కొన్నవాడే. నిజమైన అవసరమే ఉందనో, కనీసం తాను తగినంత విచారించి, ఉందని నమ్మి కొన్నాననో అతను చూపించాలి. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ వేసిన ఈ సూత్రమే నేటికీ నడుస్తోంది. ఆస్తి మీద నిజంగా ఒత్తిడి ఉందా, తప్పించాల్సిన ప్రమాదం ఏమైనా ఉందా, ఆస్తికి మేలు జరిగిందా అని చూస్తారు. కానీ తానిచ్చిన డబ్బు చివరికి ఎలా ఖర్చయిందో చూసుకునే బాధ్యత కొన్నవాడికి లేదు. "నాన్న ఆ డబ్బు తగలేశాడు" అన్నది ఒక్కటే సరిపోదు. అమ్మే నాటికే అవసరం లేదని, అడిగి ఉంటే ఆ సంగతి కొన్నవాడికి తెలిసేదని మీ సాక్ష్యం వైపు నుంచి కనపడాలి.

అవసరంగా కోర్టులు ఒప్పుకునేవి మన ఇళ్లలో అందరికీ తెలిసినవే: బ్యాంకు అప్పు, వైద్యం, పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి, ఆస్తిని కాపాడుకోవడానికి వేసిన దావా ఖర్చు, సాగు పెట్టుబడి. 1960లో పంజాబులో ఒక తండ్రి పొలం అమ్మితే కొడుకు వేసిన దావా 2018లో కేహర్ సింగ్ కేసుగా సుప్రీంకోర్టులో ముగిసింది. తండ్రికి అప్పులున్నాయి, పొలానికి పెట్టుబడి కావాలి అని తేలింది, అమ్మకం నిలిచింది. కొడుకు ఓడిపోవడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

తండ్రికి ఇంకో అదనపు అధికారం ఉండేది. తాను అంతకుముందే చేసిన సొంత అప్పు తీర్చడానికి, అది జూదం వంటి చెడు పనికి చేసిన అప్పు కాకపోతే, కొడుకుల వాటా కూడా అమ్మగలిగేవాడు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న పాత సూత్రం దానికి ఆధారం. 2005 సెప్టెంబర్ 9 తరువాత చేసిన అప్పులకు ఆ ధర్మం పేరుతో కొడుకును బాధ్యుడిని చేయడానికి వీల్లేదు. పెద్దన్న కర్తగా ఉంటే ఈ అధికారం మొదటి నుంచీ లేదు.

అనుమానించాల్సిన గుర్తులు కొన్ని చెబుతాను. ధర మార్కెట్టు కంటే బాగా తక్కువ. డబ్బంతా నగదుగా ముట్టిందని రాసి ఉండటం, బ్యాంకు జాడ లేకపోవడం. తీర్చామంటున్న అప్పుకు పేరు, తేదీ, మొత్తం లేకపోవడం. కొన్నవాడు సొంత అల్లుడో, బావమరిదో కావడం. ఇక దస్తావేజు పేరే దాన సెటిల్‌మెంట్ అయి, "ప్రేమాభిమానములతో" అని ఉంటే మీ పని సులువు. పిత్రార్జితాన్ని ప్రేమతో దానమిచ్చే అధికారం కర్తకు లేదని 2022లో కె.సి. లక్ష్మణ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ధర్మకార్యానికి కొద్దిపాటి భాగం ఇవ్వడం దీనికి మినహాయింపు.

అమ్మకం ఇంకా జరగకపోతే

చాలామంది నేరుగా ఇంజంక్షన్ కోసం పరుగెత్తుతారు. కర్త అమ్మకుండా ఆపమని మాత్రమే కోరుతూ వేసే దావా నిలవదని 1988లో సునీల్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మనివ్వండి, అవసరం లేదనుకుంటే ఆ తరువాత సవాలు చేయండి, అన్నది దాని సారాంశం. సబ్ రిజిస్ట్రార్‌కు ఇచ్చే అభ్యంతర పత్రం కూడా పనికిరాదు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఆయన రిజిస్ట్రేషన్ ఆపలేడు, హక్కుల తగాదా తేల్చడం ఆయన పని కాదు.

మరి చేయవలసింది ఏమిటి? కర్త అధికారం ఉమ్మడిగా ఉన్నంత వరకే. మీరు విడిపోతున్నానని స్పష్టంగా ప్రకటించి, ఆ మాట మిగిలినవాళ్లకు చేర్చిన నాటి నుంచి మీ వరకు ఉమ్మడి తెగిపోతుంది. భూమి గట్లు వేసి పంచుకోవడం తరువాతి పని. ప్రకటన మనసులో ఉంటే చాలదు, ఎదుటివాళ్లకు తెలియాలి అన్నది మన ఆంధ్ర నుంచే వెళ్లిన రాఘవమ్మ, చెంచమ్మ కేసులో సుప్రీంకోర్టు నిర్ధారించిన సంగతి. ఉమ్మడి తెగిన తరువాత మీ వాటాను కర్త హోదాలో అమ్మే అధికారం మీ నాన్నకు ఉండదు.

కనుక మొదటి అస్త్రం నోటీసు. అందులో ఉండాల్సిన ముఖ్యమైన మాటలు ఇవి: "కింది షెడ్యూలు ఆస్తులు మన ఉమ్మడి కుటుంబ ఆస్తులు. వాటిలో నాకు పుట్టుకతో నాలుగో వంతు వాటా ఉంది. నేటి నుంచి ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోతున్నాను. నా వాటా సరిహద్దులతో పంచి ఇవ్వవలసింది. నా వాటాను అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి ఇక మీకు అధికారం లేదు." షెడ్యూలులో సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, నాలుగు వైపుల హద్దులు రాయండి. పోస్టులో, అందినట్టు రుజువు చేతికి వచ్చేలా, తండ్రికీ, వాటాదారులందరికీ పంపండి. కొనబోయేవాడు ఎవరో తెలిస్తే అతనికీ ఒక ప్రతి పంపండి. అది అందాక "విచారించి నమ్మి కొన్నాను" అనే మాట అతని నోట రాదు. పత్రికలో అతని న్యాయవాది అభ్యంతరాలు కోరుతూ ప్రకటన ఇస్తే, గడువు లోపల రాతపూర్వకంగా జవాబివ్వండి.

నోటీసు వెనకే పంపకాల దావా వేయండి. ఆ దావాలో, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద, అమ్మకం ఆపమని తాత్కాలిక ఉత్తర్వు అడగవచ్చు. ఒట్టి ఇంజంక్షన్ దావాకు మూసుకున్న తలుపు ఇక్కడ తెరుచుకుంటుంది. ఉత్తర్వు రాకపోయినా, దావా నడుస్తుండగా కొన్నవాడు ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. ఒకటి మాత్రం ఆలోచించుకోండి: నోటీసు బెదిరింపు కాగితం కాదు. పంపాక ఉమ్మడి నిజంగానే తెగుతుంది, మీ మీదున్న కుటుంబ అప్పుల భారం మాత్రం తెగదు.

మైనరు పిల్లల తరఫున తల్లో, తాతో దావా వేయవచ్చు. పంపకం పిల్లలకు మేలు అని కోర్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఉమ్మడి దావా వేసిన నాటి నుంచే తెగినట్టు. 1958లో కాకుమాను పెదసుబ్బయ్య కేసులో, దావా నడుస్తుండగా పిల్లవాడు చనిపోయినా సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

అమ్మకం అయిపోతే

గడువు ముందు లెక్కపెట్టండి. తండ్రి చేసిన అమ్మకాన్ని సవాలు చేయడానికి, కొన్నవాడు స్వాధీనంలోకి వచ్చిన రోజు నుంచి 12 ఏళ్లు. అప్పటికి మైనరైతే, మేజరయ్యాక 3 ఏళ్లు లేదా ఆ 12 ఏళ్లు, ఏది తరువాత ముగిస్తే అది. ఇంత సమయం ఉందని కూర్చోవద్దు. ఈలోగా అక్కడ ఇళ్లు లేస్తే లెక్కలు మారిపోతాయి.

ఆ దస్తావేజులో మీరు సంతకం పెట్టలేదు కాబట్టి దాన్ని రద్దు చేయమని అడగనక్కర్లేదు. అది మీ వాటాను కట్టదని ప్రకటించి, ఆస్తి పంచి ఇవ్వమని అడిగితే చాలు. కోర్టు ఫీజు మీరు స్వాధీనంలో ఉన్నారా, బయట ఉన్నారా అన్నదాన్ని బట్టి బాగా మారుతుంది, కనుక ఆ మాట దావాలో జాగ్రత్తగా రాయించండి. అమ్మిన ముక్కనే కాక ఉమ్మడి ఆస్తులన్నీ షెడ్యూలులో చేర్చండి. వాటాదారులందరినీ, కొన్నవాడినీ పార్టీలుగా చేర్చండి. ఒక్కరు తప్పినా అదే ఎదుటివాళ్ల మొదటి అభ్యంతరం అవుతుంది.

ఇంతలో మీరు చేయకూడనివి ఉన్నాయి. అమ్మకపు డబ్బులో భాగం పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే అవుతుంది. దస్తావేజు మీద ఒట్టి సాక్షిగా సంతకం పెట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాకపోయినా, కోర్టులో దాని గురించి సంజాయిషీ చెప్పుకోక తప్పదు.

వెళ్లేముందు ఒక లెక్క

మన వైపు, పాత మద్రాసు ఆనవాయితీలో, వాటాదారు తన అవిభక్త వాటాను డబ్బుకు అమ్ముకోగలడు. అందుకే అవసరం లేని అమ్మకం కూడా పూర్తిగా చెల్లకుండా పోదు, అమ్మినవాడి వాటా మేరకు నిలుస్తుంది. దీని ప్రభావం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణలో చూద్దాం.

నాలుగు ఎకరాల పిత్రార్జితం. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, తలా నాలుగో వంతు. రోడ్డు పక్క రెండు ఎకరాలు ఎకరం 30 లక్షలు, లోపలి రెండు ఎకరాలు ఎకరం 18 లక్షలు. తండ్రి రోడ్డు పక్క రెండు ఎకరాలను 60 లక్షలకు అమ్మాడు. పెద్దకొడుకు దస్తావేజులో కలిసి సంతకం పెట్టాడు. డబ్బులో 12 లక్షలు బ్యాంకు పంట రుణానికి, 8 లక్షలు తల్లి ఆపరేషన్‌కు పోయాయి. మిగిలిన 40 లక్షలు పెద్దకొడుకు వ్యాపారంలోకి వెళ్లాయి. చిన్నకొడుకు, కూతురు దావా వేశారు.

మొత్తం ఆస్తి విలువ 96 లక్షలు, ఒక్కొక్కరి వాటా 24. సంతకం పెట్టిన తండ్రి, పెద్దకొడుకుల వాటాలు కలిపి 48 లక్షలు, ఆ మేరకు కొన్నవాడికి దక్కుతాయి. కోర్టు కూడా వీలైనంత వరకు అమ్మిన భూమినే అమ్మినవాళ్ల వాటాకు వేసి, కొన్నవాడిని కదల్చకుండా చూస్తుంది. చిన్నకొడుకు, కూతురికి రావాల్సింది 48, మిగిలిన లోపలి పొలం విలువ 36. తేడా 12 లక్షలు: రోడ్డు పక్క 40 సెంట్లు, తెలంగాణ లెక్కలో 16 గుంటలు, లేదా ఆ మేరకు డబ్బు.

అయితే 20 లక్షల నిజమైన అవసరం ఉంది. 60లో 20 మాత్రమే కాబట్టి అమ్మకం మొత్తాన్ని అది సమర్థించదు. అదే 50 లక్షలు అవసరానికి పోయి ఉంటే, మిగిలిన చిల్లర లెక్క అడగకుండా అమ్మకం నిలిచే అవకాశం ఎక్కువ. ఇలాంటి చోట కోర్టు సాధారణంగా షరతు పెడుతుంది: అవసరానికి పోయిన డబ్బులో మీ వంతు కొన్నవాడికి చెల్లించండి. ఇద్దరి వంతు 10 లక్షలు. అంటే గెలిచాక మిగిలేది 2 లక్షలు.

ఇది నేటి ధరల లెక్క. దావా నడిచేలోగా భూమి విలువ పెరిగితే 12 పెరుగుతుంది, 10 పెద్దగా పెరగదు. పెద్దకొడుకు సంతకం పెట్టకపోయి ఉంటే లెక్క పూర్తిగా వేరు, అప్పుడు కొన్నవాడికి ఖాయంగా దక్కేది తండ్రి వాటా 24 లక్షలే. న్యాయవాది దగ్గరకు వెళ్లేముందు మీ ఆస్తికి ఇలాంటి పట్టిక ఒకటి వేసుకోండి. ఫీజు మాట్లాడుకునేటప్పుడు కూడా పనికొస్తుంది.

లెక్క చిన్నదిగా తేలితే, దావా వేశాక లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోవచ్చు. అక్కడ తెగిన కేసుకు కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అవార్డు డిక్రీతో సమానం. వాటాదారుల్లో మైనరు ఉంటే మాత్రం ఆ రాజీకి కోర్టు అనుమతి విడిగా తీసుకోండి. లేకపోతే ఆ పిల్లవాడు పెద్దయ్యాక రాజీ తనను కట్టదని మళ్లీ కోర్టుకు రావచ్చు.